రిలే పడగానే బోర్డు రీసెట్ అవుతోందా? ముందు ఆన్‌లోనో ఆఫ్‌లోనో తేల్చండి

ప్రశ్న: "ఆర్డుయినో ఉనో, ఒక 5 వోల్టుల రిలే మాడ్యూల్, 12 వోల్టుల చిన్న నీళ్ల పంపు. బోర్డుకీ పంపుకీ ఒకటే అడాప్టర్. రిలే పడినప్పుడల్లా బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. పంపు వైరు తీసేస్తే గంటలకొద్దీ బాగానే నడుస్తుంది. లాప్‌టాప్‌కి కలిపి చూస్తే సమస్యే కనపడదు. కోడ్‌లో తప్పుందంటారా? మాది విజయవాడ, పార్టులు ఇక్కడే దొరికేవి చెప్పండి."

జవాబు:

కోడ్ జోలికి వెళ్లకండి. "లాప్‌టాప్‌కి కలిపితే రాదు" అని మీరు చివర్లో రాసిన మాటలోనే సగం సమాధానం ఉంది. నేను కూడా ఆ మాట దగ్గరే వారం రోజులు బోల్తా పడ్డాను.

ఉనో బోర్డులో కరెంటు ఎటునుంచి తీసుకోవాలో తేల్చే చిన్న ఏర్పాటు ఉంది. వీ-ఇన్ దగ్గర సుమారు 6.6 వోల్టులకు పైన ఉంటే అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు వాడుకుంటుంది, అంతకంటే తగ్గితే యూఎస్‌బీ వైపు మారుతుంది. అంటే పంపు లాగినప్పుడు అడాప్టర్ కుంగినా, లాప్‌టాప్ కలిపి ఉంటే బోర్డు దాని మీద బతికేస్తుంది. సీరియల్ మానిటర్‌లో చూద్దామని మనం కేబుల్ పెట్టిన క్షణంలోనే రోగం దాక్కుంటుంది. తీయగానే మళ్లీ మొదలు. కాబట్టి ఈ సమస్యను వెతికేటప్పుడు లాప్‌టాప్ పక్కన పెట్టండి.

నా కథ గుంటూరులో మా డాబా మీద జరిగింది. ప్రత్తిపాడు దగ్గర మావయ్యకి మిరప చేను ఉంది. ఆయన బ్యాటరీ స్ప్రేయర్ ట్యాంకు పగిలిపోతే, లోపలున్న 12 వోల్టుల పంపు నాకిచ్చారు. "ఏరా అల్లుడూ, ఎండాకాలం మీ కుండీల మొక్కలకి పనికొస్తుందేమో చూడు" అన్నారు. ఉనో, రిలే, 12 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ పెట్టి పొద్దునా సాయంత్రం నీళ్లు పోసేలా చేశాను. రిలే టక్‌మని పడేది, పంపు ఒకసారి గుర్రుమనేది, బోర్డు రీసెట్ అయ్యేది, రిలే వదిలేసేది. బోర్డు లేచి మళ్లీ పంపు వేసేది. టక్, గుర్, టక్, గుర్. ఈ చప్పుడు వినిపిస్తే సప్లై పడిపోతోందనే అనుమానించాలని తర్వాత తెలిసింది. పంపు ఆగగానే అడాప్టర్ తేరుకుంటుంది, తేరుకోగానే మళ్లీ పంపు పడుతుంది.

నా అసలు తప్పు రీసెట్లన్నింటికీ కారణం ఒకటే అనుకోవడం. రిలే ఆన్ అయ్యేటప్పుడు జరిగేది వేరు, ఆఫ్ అయ్యేటప్పుడు జరిగేది వేరు. ఆన్‌లో పంపు ఒక్కసారిగా కరెంటు గుంజి సప్లైని పడేస్తుంది. ఆఫ్‌లో పంపు చుట్టలో నిలవ ఉన్న శక్తి వెనక్కి తంతుంది. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచెయ్యదు. మీ బోర్డు ఎప్పుడు పోతోందో లాప్‌టాప్ లేకుండా తేల్చడానికి నేను వాడిన కోడ్ ఇది:

```cpp
#include <EEPROM.h>
const byte RELAY = 7;

void mark(byte n) {
  EEPROM.update(0, n);
  delay(10);
}

void setup() {
  digitalWrite(RELAY, HIGH);
  pinMode(RELAY, OUTPUT);
  pinMode(LED_BUILTIN, OUTPUT);
  byte n = EEPROM.read(0);
  if (n > 2) n = 0;
  for (byte i = 0; i < n; i++) {
    digitalWrite(LED_BUILTIN, HIGH); delay(400);
    digitalWrite(LED_BUILTIN, LOW);  delay(400);
  }
  mark(0);
  delay(3000);
}

void loop() {
  mark(1); digitalWrite(RELAY, LOW);  delay(1000);
  mark(0); delay(4000);
  mark(2); digitalWrite(RELAY, HIGH); delay(1000);
  mark(0); delay(4000);
}
```

రిలే వెయ్యబోయే ముందు 1 అనీ, తీయబోయే ముందు 2 అనీ, కరెంటు పోయినా చెరగని మెమరీలో రాసుకుంటుంది. సెకను పాటు ఏమీ కాకపోతే ఆ గుర్తును చెరిపేస్తుంది. ఈలోపు బోర్డు పోతే, లేచాక బోర్డు మీది ఎల్‌ఈడీని అన్నిసార్లు నిదానంగా వెలిగిస్తుంది. ఒకసారి వెలిగితే ఆన్‌లో పోయినట్టు, రెండుసార్లు వెలిగితే ఆఫ్‌లో పోయినట్టు. బూట్‌లోడర్ మొదట్లో గబగబా మిణుకుమనిపించేది లెక్కలోకి తీసుకోకండి. మీ మాడ్యూల్ హై ఇస్తే పడే రకమైతే HIGH, LOW తారుమారు చెయ్యండి. ఇంకో మాట: ఆ మెమరీ గడికి హామీ లక్షసార్లు రాయడం వరకే. ఈ కోడ్ ఆపకుండా 3 రోజులు తిరిగితే ఆ లెక్క అయిపోతుంది. కాసేపు చూసి తీసెయ్యండి.

నేను 30 సార్లు వేసి తీసి చూశాను. ఆన్‌లో 19 సార్లు పోయింది, ఆఫ్‌లో 3 సార్లు. ఆ మూడింటినీ "ఏదో లూజ్ కనెక్షన్ అయ్యుంటుందిలే" అని వదిలేశాను. తర్వాత టెన్షన్ పెట్టింది అవే.

ముందు ఆన్ సంగతి. తిరుగుతున్న మోటారు తనలో తాను ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటును అదుపులో ఉంచుకుంటుంది. ఆగి ఉన్న మోటారులో ఆ ఎదురు ఉండదు, అది ఉత్త రాగి తీగే. మల్టీమీటర్‌తో పంపు రెండు కొనల మధ్య ఓమ్‌లు కొలిచాను. నాలుగైదుసార్లు చూస్తే అన్నిటికన్నా తక్కువ 1.8 వచ్చింది. మీటరు ముళ్లు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.3 చూపింది, అది తీసేస్తే 1.5 ఓమ్‌లు. 12ని 1.5తో భాగిస్తే 8 ఆంపియర్లు. నడుస్తున్నప్పుడు 2 ఆంపియర్లు తాగే పంపు లేచేటప్పుడు 8 అడుగుతోంది. నా అడాప్టర్ ఇవ్వగలిగింది 3. అంతకు మించి అడిగితే దాని లోపలి రక్షణ వోల్టేజీని కిందికి లాగేస్తుంది.

ఇది మల్టీమీటర్‌లో కనపడదు. నేను మీటరు పెట్టి చూస్తే 11.9 దగ్గర నిలకడగా కూర్చుంది. మామూలు మీటరు సెకనుకి రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. ఈ కుంగుడు సెకనులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. మీటరు రెప్ప వేసిన లోపల బోర్డు చచ్చి బతుకుతుంది. ఉనోలోని అట్‌మెగా 328 చిప్‌కి సప్లై సుమారు 2.7 వోల్టులకు పడితే రీసెట్ అయ్యేలా అమర్చి ఉంటుంది. కానీ 16 మెగాహెర్ట్జ్ వేగానికి దానికి 3.8 వోల్టుల దాకా కావాలి. కుంగుడు ఈ రెండింటి మధ్య ఆగితే రీసెట్ అవకుండా బిగుసుకుపోవడం, పిచ్చి పనులు చెయ్యడం కూడా జరుగుతుంది. "ఒక్కోసారి రీసెట్, ఒక్కోసారి హ్యాంగ్" అనేవాళ్లది చాలావరకు ఇదే కేసు.

మీటరు చెప్పనిది స్ప్రేయర్ బ్యాటరీ చెప్పింది. అడాప్టర్ తీసేసి మావయ్య స్ప్రేయర్‌లోని 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి మొత్తం సర్క్యూట్‌ని కలిపాను. ఆ బ్యాటరీకి 8 ఆంపియర్లు ఒక లెక్కలోది కాదు. అదే 30 సార్ల పరీక్ష. ఆన్‌లో ఒక్కసారీ పోలేదు. ఆఫ్‌లో మాత్రం 4 సార్లు పోయింది! రెండు జబ్బులని అప్పుడు ఒప్పుకున్నాను. మీ ఇంట్లో బైక్ బ్యాటరీయో యూపీఎస్ బ్యాటరీయో ఉంటే ముందు ఈ పరీక్ష చెయ్యండి. బ్యాటరీ వైర్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి, మధ్యలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. పంపు ఊపందుకునే ఆ కాసేపటికి అది సాధారణంగా ఎగిరిపోదు, షార్ట్ అయితే మాత్రం కాపాడుతుంది.

బ్యాటరీని డాబా మీద శాశ్వతంగా ఉంచలేను కదా, అందుకని అడాప్టర్‌తోనే నడిపించాలి. "కెపాసిటర్ పెట్టు" అని ఎవర్ని అడిగినా చెప్తారు. ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పరు. నేను మొదట అడాప్టర్ వైర్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్‌ది పెట్టాను. ఏమీ తేడా రాలేదు. ఎందుకొస్తుంది? పంపు కూడా అదే వైరు మీద ఉంది. బోర్డు కోసమని దాచిన కుండలో నీళ్లు పంపే తాగేసింది. ఆ కుండకీ పంపుకీ మధ్య, నీళ్లు వెనక్కి పోకుండా ఒక తలుపు కావాలి. అదే డయోడ్.

ఉనో వాడేవాళ్ల అదృష్టమేమిటంటే ఆ తలుపు బోర్డు మీదే ఉంది. గుండ్రటి అడాప్టర్ జాక్‌కీ వీ-ఇన్ పిన్‌కీ మధ్య ఒక డయోడ్ ఉంటుంది. కాబట్టి అడాప్టర్ వైరును రెండుగా చీల్చి, ఒకటి రిలే కాంటాక్ట్ ద్వారా పంపుకీ, ఇంకోటి జాక్‌లోకీ ఇచ్చి, కెపాసిటర్‌ను వీ-ఇన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పెడితే చాలు. అడాప్టర్ కుంగినా కెపాసిటర్‌లోది బోర్డుకే మిగులుతుంది. చాలామంది చేసేది దీనికి తలకిందులు: అడాప్టర్ జాక్‌లో పెట్టి, పంపుకి కరెంటు వీ-ఇన్ పిన్ నుంచి తీస్తారు. అప్పుడు పంపు కరెంటంతా 1 ఆంపియర్‌కి తయారైన ఆ చిన్న డయోడ్ గుండా పోతుంది, పైగా కెపాసిటర్ మళ్లీ పంపు వైపే పడుతుంది. మీది అలా ఉంటే ముందు అది మార్చండి.

ఎంత కెపాసిటర్ కావాలన్నది అంచనా వేసుకోవచ్చు. t అంటే బోర్డు నిలబడే సమయం, C కెపాసిటర్ విలువ, V తగ్గనివ్వగలిగే వోల్టులు, I బోర్డు తాగే కరెంటు:

t = C × V / I

వీ-ఇన్ దగ్గర డయోడ్ తినగా సుమారు 11.2 వోల్టులు ఉంటాయి. రెగ్యులేటర్ సరిగ్గా పనిచెయ్యాలంటే 7 దాకా ఉంచడం మంచిది. అంటే ఖర్చు పెట్టుకోవడానికి 4.2 వోల్టులున్నాయి. బోర్డు తాగేది సుమారు 50 మిల్లీఆంపియర్లు అనుకుని లెక్కేస్తే 1000 మైక్రోఫారడ్లకి 84 మిల్లీసెకన్లు వచ్చింది. భేష్ అనుకుని పెట్టాను. రీసెట్లు తగ్గాయి గానీ ఆగలేదు. తప్పెక్కడంటే రిలే చుట్ట కరెంటు మర్చిపోయాను. ఆ నీలం రంగు 5 వోల్టుల రిలే చుట్ట సుమారు 70 ఓమ్‌లు, అంటే ఇంకో 70 మిల్లీఆంపియర్లు. అదీ బోర్డు 5 వోల్టుల నుంచే పోతోంది. మొత్తం 120 పెట్టి లెక్కేస్తే 1000 మైక్రోఫారడ్లు నిలబెట్టేది 35 మిల్లీసెకన్లే. 2200కి మార్చాను, 77 వచ్చింది. 30కి 30 నిలబడింది. బోర్డు మీద ముందే ఉన్న 47 మైక్రోఫారడ్ల బుడ్డిది ఈ లెక్కన 2 మిల్లీసెకన్లు కూడా ఆగదు, అందుకే దాన్ని నమ్ముకుని లాభం లేదు.

మీరు కొనేటప్పుడు 2200 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు అని అడగండి. మైనస్ గీత ఉన్న కాలు గ్రౌండ్‌కి. తిరగేస్తే ఉబ్బి పేలుతుంది. దీనికీ ఒక హద్దుంది. కొన్ని అడాప్టర్లు ఓవర్‌లోడ్ అవగానే పూర్తిగా ఆగిపోయి, కాసేపయ్యాక మళ్లీ ప్రయత్నిస్తాయి. అంతసేపు ఏ కెపాసిటరూ ఆపలేదు. కెపాసిటర్ పెట్టాక పంపు అసలు లేవకుండా కుదుపులు పడుతోంది కానీ బోర్డు మాత్రం బతికే ఉందంటే, పెద్ద అడాప్టర్ కొనడం తప్ప దారి లేదు.

పనిలో పనిగా గ్రౌండ్ వైరు కూడా చూడండి. పంపు మైనస్ నేరుగా అడాప్టర్ మైనస్ దగ్గరికే పోవాలి. నాది మొదట బ్రెడ్‌బోర్డ్ మీదుగా తిరిగొచ్చేది. సన్నటి జంపర్ వైరూ, బ్రెడ్‌బోర్డ్ బిగింపూ కలిపి పదో వంతు ఓమ్ ఉన్నా, 8 ఆంపియర్లకి అక్కడ 0.8 వోల్టులు పోతాయి. బోర్డు సున్నా అనుకునేదే పైకి లేస్తుంది.

ఇక ఆ మిగిలిన ఆఫ్ రీసెట్లు. చుట్టలో కరెంటు పారుతున్నప్పుడు దాన్ని ఉన్నపళంగా ఆపితే ఊరుకోదు. పరిగెత్తే ఎద్దుబండిని ఒక్కసారిగా పగ్గం లాగి ఆపితే సామానంతా ముందుకి దూకినట్టు, ఆ కరెంటు ఎలాగైనా పారడానికి వోల్టేజీని వందల వోల్టుల దాకా పెంచుకుంటుంది. రిలే కాంటాక్ట్ విడిపోయేటప్పుడు ఆ సందులో నిప్పురవ్వ పుట్టేది అందుకే. ఆ రవ్వ నుంచి వచ్చే గోల వైర్లను యాంటెన్నాలుగా వాడుకుని రీసెట్ పిన్‌లోకో సప్లైలోకో దూరుతుంది.

కొట్టులో అడిగితే "రిలే మాడ్యూల్‌లో డయోడ్ ఉంటుంది కదండీ, ఇంకోటెందుకు" అన్నాడాయన. నిజమే, ఉంటుంది. కానీ అది రిలే సొంత చుట్టకి మాత్రమే. రిలే అవతలి వైపు ఉన్న పంపు కూడా ఒక చుట్టే, దానికంటే పెద్ద చుట్ట. దాని తన్నుడికి ఆ డయోడ్‌తో సంబంధమే లేదు. పంపు తీసేస్తే మీ బోర్డు గంటలకొద్దీ నడుస్తోంది కాబట్టి, మీ రిలే చుట్ట వల్ల ఇబ్బంది లేదని తేలిపోయింది.

రవ్వ గోల ఉందో లేదో తెలుసుకోవడానికి మా నాన్నగారి పాత ట్రాన్సిస్టర్ రేడియో వాడాను. మీడియం వేవ్‌లో విజయవాడ కేంద్రం నుంచి కొంచెం పక్కకి జరిపి, ఏ స్టేషనూ లేని చోట పెట్టి, రిలే పక్కన ఉంచాను. పంపు ఆఫ్ అయిన ప్రతిసారీ రేడియోలో ఫట్‌మని గట్టి శబ్దం. పంపు నడుస్తున్నంతసేపూ సన్నగా గరగర. ఆ గరగర మోటారు లోపలి బ్రష్‌లది. ఆసిలోస్కోప్ లేనివాడికి ఇంతకంటే చవకైన పరికరం లేదు.

మందు చిన్నదే. పంపు రెండు కొనల మధ్య ఒక డయోడ్, వెండి గీత ఉన్న వైపు పంపు ప్లస్‌కి. మామూలుగా కరెంటు దానిలో పారదు. ఆఫ్ అవగానే పంపులో మిగిలిన కరెంటు ఆ డయోడ్ గుండా తనలో తానే తిరిగి చల్లారిపోతుంది, కాంటాక్ట్ దగ్గర రవ్వ పుట్టాల్సిన అవసరం తప్పుతుంది. నేను 3 ఆంపియర్ల 1ఎన్5408 వేశాను. 1ఎన్4007 కూడా అప్పుడప్పుడు ఆన్ ఆఫ్ చేసే చిన్న పంపుకి సరిపోతుంది. దీన్ని పంపు దగ్గరే టంకం వెయ్యాలి. బోర్డు దగ్గర పెడితే మధ్యలోని నాలుగు మీటర్ల వైరంతా ఆ కరెంటు తిరిగే దారి అవుతుంది. దానికి పక్కనే 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్ ఒకటి వేస్తే బ్రష్ గరగర తగ్గుతుంది. డయోడ్ తిరగేసి వేస్తే మాత్రం రిలే పడగానే నేరుగా షార్ట్. నేను చీకట్లో గీత సరిగ్గా చూసుకోకుండా ఒకటి అలా కాల్చాను, వాసన రెండు రోజులు పోలేదు.

డయోడ్ వేశాక రేడియోలో ఫట్ దాదాపు వినపడలేదు. 30లో ఒక్క ఆఫ్ రీసెట్ కూడా రాలేదు. దీనికి ముందు ఒక తెలివి తక్కువ పని కూడా చేశాను. రీసెట్ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 104 కెపాసిటర్ పెట్టాను. రీసెట్లు తగ్గాయి, కానీ ఆ తర్వాత కోడ్ అప్‌లోడ్ అవ్వడం మానేసింది. అప్‌లోడ్ మొదలయ్యేటప్పుడు యూఎస్‌బీ వైపు నుంచి రీసెట్ ఇచ్చేది కూడా అంతే విలువున్న కెపాసిటర్ ద్వారానే. నేను పెట్టింది ఆ పల్స్‌ని సగం మింగేసింది. దొంగని వదిలేసి కుక్క నోరు కట్టినట్టయింది, తీసేశాను.

పంపును రెండు దిశల్లో తిప్పేవాళ్లు ఈ డయోడ్ వెయ్యకూడదు, ఒక దిశలో అదే షార్ట్ అవుతుంది. ఎప్పటికైనా దీన్నే 230 వోల్టుల మోటారుకి మార్చాలనుకుంటే అక్కడా డయోడ్ పనికిరాదు. కాంటాక్ట్ మీద 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా కలిపిన స్నబ్బర్ వెయ్యాలి. ఆ కెపాసిటర్ ఎక్స్2 రకమే, 275 వోల్టుల ఏసీ అని రాసి ఉన్నదే కావాలి. మామూలుది మెయిన్స్ మీద పెడితే మంటలు రావచ్చు. రిలే ఆఫ్‌లో ఉన్నా స్నబ్బర్ గుండా 7 మిల్లీఆంపియర్ల దాకా కారుతూనే ఉంటుంది కాబట్టి, ఆఫ్ అయింది కదా అని మోటారు వైర్లు ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ తీశాకే చెయ్యి పెట్టాలి.

మీ దగ్గర గవర్నర్‌పేట వైపు వెళ్తే 2200 మైక్రోఫారడ్, 1ఎన్5408, 104 మూడూ అడిగి తెచ్చుకోండి. ముందు లాప్‌టాప్ తీసి, పైన ఇచ్చిన కోడ్‌తో ఒక 20 సార్లు చూడండి. ఒక్క మెరుపు వస్తే వీ-ఇన్ దగ్గర కెపాసిటర్, రెండు మెరుపులు వస్తే పంపు దగ్గర డయోడ్. రెండూ కలిసి వస్తే రెండూ వెయ్యండి, కానీ ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో పరీక్ష చేసుకుంటూ. మెరుపులే లేకుండా రీసెట్ అవుతుంటే గోల రిలేది కాదు, అప్పుడు వైరింగ్ ఫోటో పెట్టండి, చూద్దాం.